నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో కుర్రకారు మాట: కొత్తగా చేరినవాళ్లు పట్టుకోవడం ఎలా

అడ్మిషన్లు అయిపోయి క్లాసులు మొదలైన వారం పదిరోజులకు ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్లు తెలుగు రానివాళ్లేం కాదు. బెంగళూరులోనో చెన్నైలోనో పెరిగిన తెలుగింటి పిల్లలు, శ్రీకాకుళం వైపు నుంచో తెలంగాణ నుంచో వచ్చి హాస్టల్లో చేరినవాళ్లు. "ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు. రెండూ కలిపి వీళ్లు మాట్లాడితే మాత్రం సగం తెలియడం లేదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊరుకోవాలో అంతుపట్టడం లేదు" అంటారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కొత్తవాళ్లు ఇంగ్లీషు మాటను పట్టుకుని దానికి తెలిసిన అర్థంతో వాక్యమంతా లాగాలని చూస్తారు. అసలు అర్థం ఆ మాట వెనక వచ్చే తెలుగు క్రియలో ఉంటుంది, ఆ తర్వాత పిలుపులో ఉంటుంది. ఈ రెండూ పడితే మిగతాది రెండు మూడు వారాల్లో దానంతటదే వస్తుంది.

కావలసినవి

ఫోన్లో ఒక నోట్స్ పేజీ. రోజుకు నాలుగు వాక్యాలు, అంతకు మించి వద్దు. మాట ఒక్కటే రాసుకుంటే పనికిరాదు, వాక్యం మొత్తం రాసుకోవాలి. ఎవరు ఎవరితో అన్నారో పక్కన రాయాలి.

అడిగితే విసుక్కోకుండా చెప్పే స్నేహితుడు లేదా స్నేహితురాలు ఒకరు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లయితే మంచిది. రూమ్మేట్ కూడా మీలాగే బయటివాడైతే అతన్ని అడగకండి, ఇద్దరూ కలిసి తప్పు నేర్చుకుంటారు.

రెండు వారాల ఓపిక. మొదటి వారం వినడానికి, రెండో వారం కొద్దికొద్దిగా అనడానికి.

1. ఇంగ్లీషు మాటను వదిలి వెనక క్రియను వినండి

ఒకే ఇంగ్లీషు మాట వెనక క్రియ మారితే అర్థం మొత్తం మారిపోతుంది. "కాపీ కొట్టాడు" అంటే పరీక్షలో పక్కవాడిది చూసి రాశాడని. "కాపీ చేశాడు" అంటే ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడని. "కాపీ తీశాడు" అంటే జిరాక్స్ తీయించాడని. మొదటిది తప్పు, మిగతా రెండూ మామూలు పనులు. సార్ ముందు "నేను వీడి రికార్డ్ కాపీ కొట్టా" అని అమాయకంగా అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

"బోర్ కొట్టింది" అంటే విసుగేసింది. "బోర్ వేశారు" అంటే పొలంలో నీళ్ల కోసం బోరు దింపారు. ఈ జిల్లాల్లో రెండో మాట కూడా రోజూ వినిపించేదే, కాబట్టి క్రియను జాగ్రత్తగా వినాలి.

పరీక్షల మాట ఒకటి తీసుకుని చివరిదాకా చూద్దాం. సప్లిమెంటరీని అందరూ "సప్లీ" అంటారు. "వాడికి రెండు సప్లీలు ఉండాయి" అంటే రెండు సబ్జెక్టులు పోయాయి. "సప్లీ కట్టాడు" అంటే ఫీజు కట్టాడు, ఇంకా రాయలేదు. "సప్లీ రాశాడు" అంటే పరీక్ష రాశాడు, పాసయ్యాడో లేదో తెలియదు. "సప్లీ క్లియర్ అయింది" అంటే గట్టెక్కాడు. ఈ నాలుగూ కలిపేసి "సప్లీ చేశాడు" అంటే ఎవరికీ అర్థం కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా అనేది అదే.

క్రియ ఏదో ఊహించడానికి ఒక దారి ఉంది. చాలావాటికి వెనక పాత తెలుగు పలుకుబడి ఉంటుంది, ఇంగ్లీషు మాట వచ్చి దాని చోట కూర్చుంటుంది. గొప్పలు కొట్టడం, డబ్బా కొట్టడం మనకు ముందే ఉన్నాయి, కాబట్టి "డైలాగ్ కొట్టాడు". ఎత్తు వేయడం ఉంది, కాబట్టి "ప్లాన్ వేశాం, స్కెచ్ వేశాం". దిగులు పడడం ఉంది, కాబట్టి "టెన్షన్ పడకు". ఆశపెట్టి మాట తప్పినవాణ్ణి "చెయ్యిచ్చాడు" అంటాం. అదే "హ్యాండిచ్చాడు" అయింది. ఇది తెలియక "హ్యాండిచ్చాడు" అంటే సాయం చేశాడనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అర్థం సరిగ్గా దానికి తలకిందులు.

పాత పలుకుబడి ఏదీ తట్టకపోతే "చేయు, అవు" అనే జంటతో నెట్టుకురావచ్చు. మరొకరి మీద చేసిన పనికి "చేయు", తనకు జరిగినదానికి "అవు". "వాడు నన్ను కన్ఫ్యూజ్ చేశాడు, నేను కన్ఫ్యూజ్ అయ్యా." "నలుగురిని డీటెయిన్ చేశారు, వీడు డీటెయిన్ అయ్యాడు." ఈ జంట వాడితే అక్కడక్కడా కాస్త పుస్తకాల భాషలా వినిపించినా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

జాగ్రత్త: "ఫీల్" ఒక్కటి ఈ లెక్కకు లొంగదు. "వాడు ఫీలయ్యాడు" అంటే వాడికి ఏదో అనిపించిందని కాదు, మనసు నొచ్చుకున్నాడని. "ఫీలవకు" అంటే బాధపడకు. "నాకు బాగుందని ఫీలయ్యాను" అని మీరంటే "ఎవడేమన్నాడ్రా?" అని అడుగుతారు.

2. ఈ ప్రాంతపు తోకలు నాలుగు గుర్తుపెట్టుకోండి

ఇంగ్లీషు మాట ఎక్కడైనా ఒకటే. దానికి తగిలించే తోక మాత్రం ఊరిని బట్టి మారుతుంది. ఇక్కడ నాలుగు వస్తే చాలు.

మొదటిది "ఉండా". నెల్లూరు వైపు "ఉన్నాను, ఉన్నాడు" అనడానికి "ఉండా, ఉండాడు" అంటారు. "నేను బస్టాండ్‌లో వెయిట్ చేస్తా ఉండా." ఉత్తరానికి, ఒంగోలు దాటి వెళ్లేకొద్దీ ఇది "వెయిట్ చేస్తన్నా" అవుతుంది. ఒకే క్లాసులో రెండూ వినిపిస్తాయి, ఏదీ తప్పు కాదు.

రెండోది "కాడ". దగ్గర అని. "మద్రాస్ బస్టాండ్ కాడ దిగు", "క్యాంటీన్ కాడ ఉండా, దా". ఆ "దా" అంటే రా అని.

మూడోది "ఎట్టా, అట్టా, ఇట్టా". ఎలా, అలా, ఇలా. "ప్రాజెక్ట్ ఎట్టా సబ్మిట్ చేద్దాం?" దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు.

నాలుగోది "లా". దీని మీదే కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఈ రెండు జిల్లాల్లో "చెయ్యలేదు, రాలేదు, తినలేదు" అనడానికి "చెయ్యలా, రాలా, తినలా" అంటారు. "అసైన్‌మెంట్ సబ్మిట్ చెయ్యలా" అంటే ఇవ్వలేదు. "అసైన్‌మెంట్ సబ్మిట్ చెయ్యాలా?" అంటే ఇవ్వాలా అని ప్రశ్న. మధ్యలో ఒక్క దీర్ఘం తేడా. బయటినుంచి వచ్చినవాళ్లకు మొదటిది కూడా రెండోదానిలాగే వినిపిస్తుంది. "అవును, రేపటిలోగా ఇవ్వాలి" అని జవాబిస్తారు. అవతలివాడు తాను ఇవ్వలేదని చెబుతుంటాడు.

ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేటప్పుడు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. చాలామంది దీర్ఘాలు చూపించరు కాబట్టి రెండు మాటలూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. క్లాస్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ వస్తే రెండు గుర్తులు చూడండి. చివర ప్రశ్నార్థకం ఉందా? పక్కన "నేను, ఇంకా, నిన్న" లాంటి మాట ఉందా? "నేనింకా" అని ఉంటే అది "చెయ్యలేదు" అన్నట్టే. ఏ గుర్తూ లేకపోతే "ఇచ్చావా, ఇవ్వలేదా?" అని తిరిగి అడగండి. ఇక్కడివాళ్లు కూడా ఒకరినొకరు అలా అడుగుతుంటారు, చిన్నతనం ఏమీ లేదు.

3. పిలుపులో వరస చూడండి

కుర్రవాళ్లు ఒకరినొకరు మామా, బావా అని పిలుచుకుంటారు. సొంత చుట్టరికం ఉందని కాదు. మన ఇళ్లలో ఎకసెక్కాలకు పనికొచ్చే వరసలు కొన్ని ఉన్నాయి. బావామరదుల మధ్య ఎంత వేళాకోళం ఆడినా చెల్లుతుంది. అన్నదమ్ముల మధ్య, తండ్రీకొడుకుల మధ్య ఆ చనువు లేదు. అందుకే ఆటపట్టించాలనుకున్నప్పుడు కుర్రవాడు అవతలివాణ్ణి ముందు ఆ వరసలోకి తెచ్చుకుంటాడు. "మామా" అన్నాడంటే ఇక వచ్చేది వేళాకోళమని సగం చెప్పేసినట్టే. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చేవాళ్ల నోట "మచ్చా" వినిపిస్తుంది. అది తమిళం నుంచి వచ్చింది, అక్కడా బావ వరసే.

ఈ సంగతి తెలిస్తే ఎవరిని ఏమనాలో సులువుగా తేలుతుంది.

మీ బ్యాచ్ కుర్రాళ్లను మొదటి వారం పేరుతో పిలవండి, లేదా "బ్రో" అనండి. అవతలివాడు "మామా" అన్న తర్వాత మీరూ "మామా" అనవచ్చు. నెల్లూరులో "అబయా" అనే పిలుపు చాలా ఎక్కువ. "ఏంది అబయా" అంటే "ఏంటబ్బాయ్" అనే, అందులో చులకన లేదు. "సామీ" అని కూడా అంటారు, దాన్ని కాస్త బతిమాలేటప్పుడో విసిగినప్పుడో వాడతారు.

సీనియర్లను "అన్నా, అక్కా" అనండి. సీనియర్‌ను "బ్రో" అంటే కొందరు పట్టించుకోరు గానీ, కొందరికి సమానంగా నిలబడినట్టు అనిపిస్తుంది. "మామా" అయితే అస్సలు వద్దు, ఆ వరసలోకి పెద్దవాళ్లే రమ్మనాలి.

అమ్మాయిలు తమలో తాము "ఏంమే, చెప్పు మే" అనుకుంటారు. అది వాళ్లలో వాళ్లకు ముద్దు మాట. అబ్బాయి అదే మాట అంటే మొరటుగా వినిపిస్తుంది, చనువు తీసుకున్నట్టు ఉంటుంది. అబ్బాయిలు క్లాసులోని అమ్మాయిలను పేరుతో, "నువ్వు" అని పిలిస్తే చాలు. అమ్మాయి అబ్బాయిని సరదాకైనా "బావా" అంటే చుట్టూ ఉన్నవాళ్లు అక్కణ్ణుంచి ఇద్దరినీ వదలరు. పెళ్లికి వరసైనవాణ్ణి పిలిచే పిలుపు అది. తెలిసి అంటే సరే, తెలియక అనకండి.

జాగ్రత్త: అమ్మాయిలను ఉద్దేశించి "ఫిగర్, ఐటమ్, పీస్" అనే మాటలు వినపడతాయి. వీటికి సరదా వాడుక అంటూ ఏదీ లేదు. వినినా నోట్స్‌లో కూడా రాసుకోనక్కర్లేదు.

4. పొగడ్తను "లే"తో కొలవండి

వేళాకోళంలో సగం పొగడ్త రూపంలో వస్తుంది. "నువ్వు తోపురా" అంటే మొనగాడివని. "నువ్వు తోపువిలే" అంటే అంత లేదని. చివర "లే" చేరి, గొంతు కిందికి దిగితే ఎత్తిపొడుపు. "చదివావులే", "వస్తావులే", "టాపర్‌వి గదా, నీకేంలే" అన్నీ ఈ కోవలోవే.

అయితే "చూద్దాంలే, ఇస్తాలే" లాంటి చోట్ల "లే" ఎత్తిపొడుపు కాదు, తొందరపడొద్దని నచ్చజెప్పడం. రెండింటినీ విడదీయడానికి ఎవరి గురించి అంటున్నారో చూడండి. మాట్లాడేవాడు తన గురించి అంటే నచ్చజెప్పడం, మీ గురించి మంచి మాట అంటే ఎత్తిపొడుపు. ఇది చాలాసార్లు సరిపోతుంది.

ఇదే పనికి వాడే ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. "నీకంత సీన్ లేదు" అంటే అంత సత్తా లేదు. "బిల్డప్ ఇవ్వకు" అంటే లేని గొప్ప చూపించకు. "ఓవర్ చెయ్యకు" అంటే మోతాదు మించకు. "సోపేస్తా ఉండాడు" లేదా "బిస్కెట్లు వేస్తా ఉండాడు" అంటే పని కోసం పొగుడుతున్నాడు. "లైట్ తీసుకో" అంటే పట్టించుకోకు. ఈ ఐదూ వస్తే వారం రోజుల క్యాంటీన్ గొడవ అర్థమైపోతుంది.

5. ఒక సంభాషణను విప్పి చూడండి

నెల్లూరులో సోమవారం పొద్దున ల్యాబ్ బయట ఇద్దరు కుర్రాళ్లు మాట్లాడుకుంటున్నారనుకోండి.

"ఏంది అబయా, శనివారం ల్యాబ్‌కి హ్యాండిచ్చావ్?"

"బోర్ కొట్టి బంక్ కొట్టేశా మామా. ప్రాక్సీ వెయ్యలా?"

"వేద్దామనే అనుకున్నా. హెచ్‌ఓడీ ఆడే ఉండాడు, సీన్ లేదు."

"అయితే ఆబ్సెంట్ పడిందా? రికార్డ్ కూడా సబ్మిట్ చెయ్యలా నేను."

"నీకేంలే, తోపువి. సార్‌కి సోపేసి సెట్ చేసుకుంటావ్. లైట్ తీసుకో."

మొదటి వాక్యంలో ల్యాబ్‌కి సాయం ఏమీ చేయలేదు, రాకుండా ఎగ్గొట్టాడు. రెండోదాంట్లో "కొట్టు" రెండుసార్లు వచ్చింది, రెండు అర్థాలు. "బోర్ కొట్టి" అంటే విసుగొచ్చి, "బంక్ కొట్టేశా" అంటే క్లాసు ఎగ్గొట్టా. "ప్రాక్సీ వెయ్యలా?" అంటే నా బదులు నువ్వు పలకలేదా అని. ఇక్కడ "లా" వెనక ప్రశ్న ఉంది కాబట్టి "వెయ్యలేదా?" అని తీసుకోవాలి. "వెయ్యాలా?" అని వినపడితే దీర్ఘం మీరు కలుపుకున్నట్టు.

మూడో వాక్యంలో "సీన్ లేదు" వ్యక్తి మీద పడలేదు, పరిస్థితి మీద పడింది. "నీకు" లేకుండా "సీన్ లేదు" అంటే వీలు కాలేదని. నాలుగోదాంట్లో "ఆబ్సెంట్ పడింది" చూడండి. హాజరు వేసేది సారే అయినా వేశాడనకుండా "పడింది" అంటారు, దెబ్బ పడినట్టు, మచ్చ పడినట్టు. "చెయ్యలా నేను" అని కర్తను చివరకు తోయడం కూడా ఇక్కడి మాటతీరే.

ఐదో వాక్యంలో "తోపువి" ముందే "నీకేంలే" వచ్చింది కాబట్టి పొగడ్త కాదు. వాక్యం మొత్తంలో "సార్" కాక ఇంగ్లీషు మాటలు మూడు: సోప్, సెట్, లైట్. మూడింటికీ డిక్షనరీ అర్థం పనికిరాదు.

ఇంకోటి గమనించారా? హెచ్‌ఓడీని "ఉండాడు" అన్నారు. తమలో తాము మాట్లాడేటప్పుడు కుర్రాళ్లు అలా అనడం మామూలే. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అదే వాక్యం అంటే మాత్రం "ఉండారు" అనాల్సిందే. కొత్తవాళ్లు విన్నది విన్నట్టు అప్పజెప్పి ఇరుక్కునేది ఇక్కడే.

ప్రాక్సీ అనే మాట అర్థం చేసుకోవడం వేరు, వేయడం వేరు. జేఎన్‌టీయూ కిందనున్న ఇంజనీరింగ్ కాలేజీల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ తెచ్చుకోవాలి. అంతకన్నా తగ్గితే డీటెయిన్. "కండోనేషన్ కట్టా" అనే మాట సెమిస్టర్ చివర్లో బాగా వినిపిస్తుంది, దాని వెనక ఉన్న లెక్క ఇదే.

6. మాట్లాడడం మొదలుపెట్టండి

రెండో వారం మూడు రకాల వాక్యాలతో మొదలుపెట్టండి, మూడింటిలోనూ ప్రమాదం తక్కువ.

అడగడం: "ఈరోజు ల్యాబ్ ఉందా బ్రో?" చెప్పడం: "నాకు బోర్ కొడతా ఉంది." పిలవడం: "క్యాంటీన్ కాడ ఉండా, దా." ఎత్తిపొడుపులు, కౌంటర్లు మూడో వారం దాకా ఆపుకోండి. కౌంటర్ వేయడానికి మాటలొస్తే చాలదు, ఎవరికి ఏ మాట గుచ్చుకుంటుందో తెలియాలి.

మీ ఊరి యాస పూర్తిగా మార్చుకోనక్కర్లేదు. "ఉండా" నోటికి రాకపోతే "ఉన్నా" అనండి. బలవంతంగా తెచ్చిపెట్టుకున్న యాస వెంటనే తెలిసిపోతుంది, వెక్కిరించినట్టు కూడా ఉంటుంది. క్రియ సరిగ్గా ఉంటే యాసను ఎవరూ పట్టించుకోరు.

ఇంగ్లీషు మాటను మాత్రం తెలుగు నోటితోనే పలకండి. "హాస్టల్, రికార్డ్, అటెండెన్స్" అన్నీ మన ట, డలతోనే అనాలి. తెలుగు వాక్యం మధ్యలో ఒక్క మాటను కాన్వెంట్ ఉచ్చారణతో మెరుగుపెట్టి అంటే అది బిల్డప్ కింద లెక్క. ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది, వారం రోజులు కావాలని చేస్తే అలవాటవుతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నింటికీ "చేయు" తగిలించడం. "బంక్ చేశాం" అంటే అర్థమవుతుంది, నడిచిపోతుంది. "బోర్ చేసింది" అంటే ఫర్వాలేదు. "ట్రీట్ చెయ్యి" అంటే మాత్రం డాక్టరు వైద్యం చేసినట్టుంటుంది, "ట్రీట్ ఇవ్వు" అనాలి. "మెసేజ్ చెయ్యి, మెసేజ్ పెట్టు" రెండూ నడుస్తాయి, "స్టేటస్" మాత్రం పెట్టాల్సిందే.

పక్కవాడి నోట పదిసార్లు విన్నాం కదా అని బూతును మామూలు మాట అనుకోవడం. ఏది సరదా, ఏది బూతు అని తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. స్నేహితుడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు అతని మాట గమనించండి. "సొల్లు, సోది, సుత్తి, ఓవర్, బిల్డప్" లాంటివి అమ్మతో మాట్లాడేటప్పుడూ అక్కడక్కడా దొర్లుతాయి. కొన్ని మాటలు మాత్రం ఫోన్ ఎత్తగానే మాయమైపోతాయి. మాయమైనవాటిని మీరు మొదటి సెమిస్టర్ అంతా ముట్టుకోకండి.

పాత మాటలు పట్టుకొచ్చి వాడడం. సినిమాల్లో విన్నవి, అన్నయ్య తన కాలేజీ రోజుల్లో అన్నవి ఇప్పుడు ఎవరూ అనకపోవచ్చు. మీ నోట్స్‌లో కనీసం ఇద్దరి నోట వేరువేరు రోజుల్లో విన్న మాటనే వాడండి.

కుదిరిందో లేదో చూసుకోవడం

రోజూ రాత్రి నోట్స్‌లోని నాలుగు వాక్యాలను ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా మామూలు తెలుగులో చెప్పండి. "వాడు నాకు హ్యాండిచ్చి, ఇప్పుడు ఫీలవుతా ఉండాడు" అనేదాన్ని "వాడు నన్ను నమ్మించి రాలేదు, ఇప్పుడు వాడే నొచ్చుకుంటున్నాడు" అని చెప్పగలిగితే పట్టుబడినట్టే. చెప్పలేకపోయిన వాక్యం పక్కన గీత పెట్టి, మర్నాడు మీ స్నేహితుణ్ణి అడగండి.

మీరు మాట్లాడినప్పుడు అవతలివాళ్లు ఆగకుండా జవాబిస్తే వాక్యం సరిగ్గా వెళ్లింది. ఒక క్షణం ఆగి "అంటే?" అంటే క్రియ తప్పింది. మీరు నవ్వించాలనుకోని చోట నవ్వితే పిలుపో వరసో తప్పింది. ఎవరూ నవ్వకుండా మాట మార్చేస్తే ఎవరికో గుచ్చుకుంది. అప్పుడు వివరణలు ఇవ్వకుండా "సారీ, నాకు తెలియక అన్నా" అని అక్కడే ముగించండి.

మీ మీద జోకు పడితే అది వేళాకోళమా, వేధింపా అనేది ఇలా తేల్చుకోండి. తిరిగి అనే వీలు మీకు ఉందా? మీరు వద్దన్నాక ఆపారా? రెండింటికీ అవునంటే అది బావామరదుల ఆట. వద్దన్నా ఆపకుండా మీ యాసనో ఊరినో పట్టుకుని రోజూ ఏడిపిస్తే, మాట్లాడిస్తూ నలుగురిలో నిలబెడితే, అది ర్యాగింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచి దీనికి ప్రత్యేక చట్టం ఉంది. యూజీసీ 2016లో నిబంధనలు సవరించినప్పుడు ప్రాంతాన్ని, భాషను బట్టి వేధించడాన్ని కూడా అందులో చేర్చింది. ముందు కాలేజీలోని యాంటీ ర్యాగింగ్ కమిటీకి చెప్పండి. అక్కడ చెప్పడానికి జంకితే 1800-180-5522కు ఫోన్ చేయండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారో మీ నోట్స్ పేజీలో తేదీతో రాసి ఉంటే ఫిర్యాదు రాసేటప్పుడు అదే పనికొస్తుంది.